‘మార్చాడు’ అని రాయాలా, ‘మారి ఉంది’ అని రాయాలా?

ప్రశ్న:

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో మూడేళ్లుగా సరుకు నాణ్యత చూసే క్యూసీలో పని చేస్తున్నాను. వయసు 26. మా షిఫ్టు ప్రొడక్షన్ సూపర్‌వైజర్‌తో పడలేకపోతున్నాను. జనవరి 20 రాత్రి పదకొండుంబావుకి గ్రేడింగ్ టేబుల్ దగ్గర సరుకు చూస్తే 7.1 డిగ్రీలు ఉంది. మా దగ్గర 4 దాటితే ఆపాలి. హోల్డ్ ట్యాగు కట్టాను. ఆయన వచ్చి ‘ఏమే, చదువు ఎక్కువైందా? తియ్ ఆ ట్యాగు’ అని, నేను తీయకపోతే తనే తీసేసి సరుకు ఫ్రీజింగ్‌కి పంపేశాడు. మర్నాడు లాగ్‌బుక్‌లో నా 7.1 కొట్టేసి 3.8 అని ఉంది. జనవరి 28న టేబుల్ దగ్గర ఆడవాళ్లందరి ముందు ‘నైట్ షిఫ్టే కావాలని ఎందుకు అడుగుతుందో మాకు తెలీదా’ అన్నాడు, అందరూ నవ్వారు. ఫిబ్రవరి 3న కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో కౌంటు చూస్తుంటే చేతిలో షీటు లాగేసుకున్నాడు. అప్పుడు నాకూ కోపం వచ్చి గట్టిగా అరిచేశాను. నా కంటే ముందు క్యూసీలో చేసినమ్మాయి కూడా ఈయన వల్లే మానేసిందట.

హెచ్‌ఆర్‌కి ఇలా రాసుకున్నాను: ‘ఆయన అహంకారి. ఆడవాళ్లంటే గౌరవం లేదు. నన్ను ఎప్పుడూ అందరి ముందూ అవమానిస్తున్నాడు. కావాలనే రికార్డు మార్చి నన్ను ఇరికించాలని చూస్తున్నాడు. ఇలాంటివాళ్ల వల్ల కంపెనీ పరువు పోతుంది. వెంటనే ఉద్యోగంలోంచి తీసేయాలి.’

మా అన్నయ్య చదివి, ‘ఇది పంపితే నీ మీదకే వస్తుంది, న్యూట్రల్‌గా రాయి’ అన్నాడు. న్యూట్రల్ అంటే ఆయన చేసింది తగ్గించి చెప్పడమా? నా బాధ ఎక్కడ రాయాలి? పైగా హెచ్‌ఆర్ మేనేజర్‌దీ ఆయనదీ ఒకే ఊరు. పేరు వేయకండి.

సమాధానం:

తగ్గించి చెప్పడం కాదు. నాకు రాసిన ఉత్తరాన్నీ, హెచ్‌ఆర్‌కి రాసుకున్న కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. నాకు రాసినదాంట్లో తేదీలున్నాయి, వేళ ఉంది, ఆయన అన్న మాటలు ఉన్నాయి, 7.1 అనే అంకె ఉంది. హెచ్‌ఆర్‌కి రాసినదాంట్లో ఇవేవీ లేవు. మీ దగ్గర ఉన్న బలమంతా నాకు పంపేసి, వాళ్లకి మీ కోపం మాత్రం పంపబోతున్నారు. కాబట్టి కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. నాకు రాసినట్టే వాళ్లకీ రాయాలి, ఇంకొంచెం జాగ్రత్తగా.

ఇంతకీ ఆ కాగితం అందాక ఏం జరుగుతుందో చెబుతాను. నేను పద్నాలుగేళ్లు ఫ్యాక్టరీల్లో హెచ్‌ఆర్ పని చేశాను. ఫిర్యాదు రాగానే మేం చేసే మొదటి పని, అవతలి మనిషిని పిలిచి అందులో ఉన్న ఒక్కో విషయానికీ జవాబు అడగడం. రాతపూర్వకంగా చర్య తీసుకునేంత దూరం వెళితే ఆరోపణలు ఆయనకి కాగితం మీద ఇవ్వాల్సిందే. అంటే మీరు రాసేది ఆయన కూడా చదువుతారనుకునే రాయాలి. ఇప్పుడు మీ కాగితం చేత్తో పట్టుకుని ఆయన్ని ఏమని అడగాలి? ‘నువ్వు అహంకారివా?’ అని అడిగితే ‘కాదండీ’ అంటాడు, అక్కడితో అయిపోయింది. ‘జనవరి 20 రాత్రి పదకొండుంబావు ప్రాంతంలో గ్రేడింగ్ టేబుల్ దగ్గర హోల్డ్ ట్యాగు తీశావా?’ అని అడిగితే అవుననో కాదనో చెప్పి తీరాలి. అవునంటే, ఎందుకు తీశావు, ఎవరి అనుమతితో తీశావు అనే ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. కాదంటే టేబుల్ దగ్గర ఉన్నవాళ్లని అడగొచ్చు, హోల్డ్ రిజిస్టర్ చూడొచ్చు. మీరు రాసిన ప్రతి వాక్యానికీ ఈ పరీక్ష పెట్టండి. అవతలి మనిషి అవుననో కాదనో చెప్పలేని వాక్యం ఏదైనా ఉంటే అది ఇంకా ఫిర్యాదు కాలేదని అర్థం.

‘అవమానించాడు’ అనే మాట తీసుకోండి. అది అబద్ధం కాదు. కానీ ఆ రాత్రి జరిగినదంతా మీ మనసులో ఉడికి ఉడికి చివరికి ఆ ఒక్క మాటగా మిగిలింది. చదివేవాళ్లకి అది అందదు. వాళ్లకి టేబుల్ కనబడాలి, ట్యాగు కనబడాలి, మాట వినబడాలి. ఆయన అన్నది అన్నట్టుగా రాయండి: ‘ఏమే, చదువు ఎక్కువైందా? తియ్ ఆ ట్యాగు.’ ఇది చదివినవాళ్లకి అవమానించాడని మీరు విడిగా చెప్పనక్కర్లేదు. ‘తిట్టాడు’, ‘అసభ్యంగా మాట్లాడాడు’, ‘బెదిరించాడు’ ఇవన్నీ ఇంతే. వీటి బదులు మాటలు పెట్టి ‘అన్నారు’ అని ముగించండి. ఆయన గురించి రాసేటప్పుడు కాగితం నిండా ‘అన్నారు, చేశారు’ అనే రాయండి. ఆయన మీద గౌరవం ఉందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ‘అన్నాడు’ అని రాస్తే చదివేవాళ్ల దృష్టి ఆయన మాట మీద నుంచి మీ మాట మీదకి మళ్లుతుంది.

ఆ ‘ఏమే’ దగ్గర కొంచెం ఆగాలి. మీ కంపెనీలో మెయిల్ ఇంగ్లీషులో పంపాలంటే చాలామంది ఆయన మాటని ఇంగ్లీషులోకి మార్చేసి పంపుతారు. మారిస్తే ‘ఏమే’ మాయమైపోతుంది, ‘నువ్వు’కీ ‘మీరు’కీ తేడా కూడా పోతుంది. మామ్మ పిలిస్తే ముద్దుగా ఉండే పిలుపే, పదిమంది పనివాళ్ల ముందు తోటి ఉద్యోగి నోట వస్తే మర్యాద తీసేసినట్టు అవుతుంది. చదివే మేనేజర్ వేరే రాష్ట్రం మనిషైతే ఇది ఆయనకి తట్టదు. అందుకని ఇంగ్లీషు మెయిల్‌లో కూడా ఆయన మాటని తెలుగులోనే ఉంచి, కింద అర్థం రాసి, ఇంకొక్క వాక్యం కలపండి: ‘ఇదే సెక్షన్‌లో మగ ఉద్యోగులను ఆయన మీరు అని పిలుస్తారు.’ ఇది మీరు రోజూ చూస్తున్న విషయం అయితేనే సుమా. ‘ఆడవాళ్లంటే గౌరవం లేదు’ అనే మీ వాక్యంలో ఉన్న నిజం అంతా ఈ చిన్న వాక్యంలోకి వచ్చేస్తుంది, పైగా ఎవరైనా వెళ్లి సరిచూసుకోవచ్చు.

ఇక అసలైన చోటికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది లాగ్‌బుక్ సంగతి. ‘కావాలనే రికార్డు మార్చాడు’ అని రాసుకున్నారు. ఆయన పెన్ను పట్టుకుని దిద్దుతుండగా మీరు చూశారా? మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే చూడలేదు. మర్నాడు పుస్తకం తెరిస్తే అంకె వేరేగా ఉంది. అంతవరకే మీకు తెలిసింది. మన తెలుగులో ఈ తేడా చెప్పడానికి క్రియే చాలు. ‘మార్చాడు’ అంటే చేస్తుండగా చూశానని. ‘మారి ఉంది’ అంటే ఫలితం చూశాను, చేసినవాళ్లని చూడలేదని. ‘మార్చాడట’ అంటే ఎవరో చెబితే విన్నానని. ఇంట్లో కబుర్లు చెప్పుకునేటప్పుడు ఈ మూడింటినీ మనం పొరపాటున కూడా కలపం. ఫిర్యాదు రాసేటప్పుడే ఆవేశంలో అన్నిటినీ ‘మార్చాడు’లోకి తోసేస్తాం.

దీనివల్ల వచ్చే నష్టం చిన్నది కాదు. ఆ దిద్దుబాటు వేరే ఎవరో చేశారని తేలిందనుకోండి. ఉదయం షిఫ్టు క్యూసీ చేసి ఉండొచ్చు, ఇంకెవరైనా చెబితే చేసి ఉండొచ్చు. అప్పుడు మీ ఆరోపణ తప్పని రాసేస్తారు. ఆ ఒక్కటీ తప్పయితే ట్యాగు తీసిన సంగతి కూడా నమ్మరు, అది పదిమంది చూసినదైనా సరే. అదే మీరు ‘నేను రాసిన 7.1 మీద గీత ఉంది, పక్కన 3.8 అని ఉంది, దిద్దిన చోట ఎవరి సంతకమూ లేదు’ అని రాస్తే, అది ఎవరు చేసినా మీ మాట నిలబడుతుంది. పైగా ఇలా రాయడం వల్ల బలం పెరుగుతుంది. ఎందుకంటే రికార్డులో తప్పు దిద్దాలంటే పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వేయాలన్నది క్వాలిటీ రికార్డులు నడిపే ప్రతిచోటా ఉండే పద్ధతి. సంతకం లేని దిద్దుబాటు అనేదే పెద్ద విషయం. ఎవరు దిద్దారో కనిపెట్టడం వాళ్ల పని. అది మీ నెత్తిన వేసుకోకండి.

మీకు ముందు పని చేసినమ్మాయి సంగతి కూడా మీరే ‘మానేసిందట’ అని రాశారు. సరిగ్గానే రాశారు. ఆ ‘ట’ ఉన్న వాక్యాలు ఫిర్యాదులో పెట్టకండి. ఆ అమ్మాయే స్వయంగా మీతో చెప్పి, తన పేరు వాడుకోవడానికి ఒప్పుకుంటే ఎవరు, ఎప్పుడు చెప్పారో వివరంగా రాయొచ్చు. లేకపోతే అది వేరే మనిషి జీవితంలోని విషయం.

‘కావాలనే’, ‘ఇరికించాలని’ అనేవి ఆయన మనసులోకి తొంగిచూసి రాసిన మాటలు. అక్కడ ఏముందో మీకూ నాకూ తెలియదు. ట్రక్కులు వెనకాల బారులు తీరి ఉంటే, ఫ్రీజర్ ఖాళీగా ఉంచారని పైవాళ్లు అరుస్తుంటే, ఆ టెన్షన్‌లో ఆయన అలా చేసి ఉండొచ్చు. అది సమర్థన కాదు. కానీ ఉద్దేశం గురించి మీరు రాసిన ప్రతి మాటా ఆయనకి సులువైన జవాబు అందిస్తుంది: ‘నాకు ఆవిడ మీద ఏ కోపమూ లేదండీ, ప్రొడక్షన్ ఆగిపోతోందని చేశాను.’ చేసిన పని గురించి కాకుండా మనసు గురించి మాట్లాడుకుంటూ మీటింగ్ ముగిసిపోతుంది.

‘ఎప్పుడూ’ అనే మాట ఇంకా ప్రమాదం. నేను పని చేసిన ఒక ఫ్యాక్టరీలో పీలింగ్ సెక్షన్ ఆవిడ ఒకరు ‘నెల రోజులుగా రోజూ తిడుతున్నాడు’ అని ఫిర్యాదు ఇచ్చింది. అవతలి మనిషి హాజరు పట్టిక తెచ్చి, ఆ నెలలో తొమ్మిది రోజులు తను సెలవులో ఉన్నానని చూపించాడు. ఆవిడ చెప్పింది నిజమేనని ఆ హాలులో అందరికీ తెలుసు. కానీ ‘రోజూ’ అనే ఒక్క మాట పట్టుకుని మొత్తం ఫిర్యాదుని పక్కన పెట్టారు. ఆ ఫైలు మూసేటప్పుడు నేనూ ఆ గదిలోనే ఉన్నాను. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ముందే ఆవిడ పక్కన కూర్చుని ‘ఏ రోజు, ఏ వేళ’ అని అడిగి రాయించి ఉండాల్సింది. మీకు మూడు తేదీలు కచ్చితంగా తెలుసు. ఆ మూడే రాయండి. ఇంకేవైనా లీలగా గుర్తుంటే ‘తేదీ కచ్చితంగా గుర్తు లేదు, సంక్రాంతికి ముందు వారం’ అని ఉన్నదున్నట్టు రాయండి. తేదీ ఊహించి వేయకండి.

ఫిబ్రవరి 3న మీరు అరిచిన సంగతి దాచాలా అని మీరు అడగలేదు, కానీ ఆ ఆలోచన వచ్చే ఉంటుంది. దాచకండి. మీరు ఏ మాట అన్నారో ఆ మాట కూడా రాయండి. ఆయన ఎలాగూ చెబుతాడు. ఆయన నోట ముందు వస్తే మీరు దాచినట్టు, మీ కాగితం మీద ముందే ఉంటే మీరు ఉన్నదున్నట్టు చెప్పే మనిషి అన్నట్టు. ‘కోపంలో అన్నాను, అందుకు విచారిస్తున్నాను’ అని అనిపిస్తే రాయండి, అనిపించకపోతే అన్న మాట రాసి ఊరుకోండి.

మరి బాధ ఎక్కడ రాయాలి అన్నారు. రాయాలి, తప్పకుండా. అయితే బాధ వల్ల ఏం జరిగిందో రాయండి. ఆ రాత్రి తర్వాత నిద్ర పట్టలేదా, షిఫ్టు మార్చమని అడిగారా, మళ్లీ ఎక్కువ వేడి ఉన్న ట్రే కనబడితే ట్యాగు కట్టడానికి చెయ్యి ఆగిందా? ఈ చివరిది నిజమైతే అదే అన్నిటికన్నా ముఖ్యం. ఒక క్యూసీ మనిషి హోల్డ్ పెట్టడానికి వెనకాడుతోందంటే అది ఏ మేనేజర్‌కైనా నిద్ర పోనివ్వని విషయం. ‘నేను కుమిలిపోతున్నాను’ అనే వాక్యం వాళ్లకి జాలి కలిగిస్తుంది. ‘జనవరి 20 తర్వాత హోల్డ్ పెట్టే ముందు ఆయన అక్కడ ఉన్నారా అని చూసుకుంటున్నాను’ అనే వాక్యం చదివితే వాళ్లు కుర్చీలోంచి లేస్తారు.

ఇప్పుడు జనవరి 28 నాటి సంగతి. ఇది మీరు మిగతావాటి మధ్యలో పెట్టి దాటేశారు, హెచ్‌ఆర్ కాగితంలో అయితే అసలు లేదు. నైట్ షిఫ్టు గురించి ఆయన అన్న మాట, అందరూ నవ్విన తీరు చూస్తే అది మామూలు దురుసుతనం కోవలోకి రాదని నా అభిప్రాయం. పని చేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల గురించి 2013లో వచ్చిన చట్టం, లైంగిక ధ్వని ఉన్న వ్యాఖ్యలను కూడా వేధింపుగానే చూస్తుంది. మీద చెయ్యి వేస్తేనే వేధింపు అనుకోనక్కర్లేదు. ఈ మాట ఆ కిందికి వస్తుందో రాదో తేల్చేది అంతర్గత కమిటీ. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పని చేసే ప్రతిచోటా ఆ కమిటీ ఉండాలి. దానికి పై హోదాలో ఉన్న మహిళా ఉద్యోగి అధ్యక్షురాలుగా ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు కావాలి, కంపెనీకి సంబంధం లేని బయటి సభ్యులు ఒకరు ఉండాలి. హెచ్‌ఆర్ మేనేజర్ ఊరి గురించి మీకున్న భయానికి ఆ బయటి సభ్యులు ఉండటం కొంత ఊరట.

దీనికి గడువు ఉంది. జరిగిన రోజు నుంచి మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆలస్యానికి సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల వరకు పొడిగించవచ్చు, కానీ దాని మీద ఆశ పెట్టుకోకుండా ఏప్రిల్ 28 లోపు ఇచ్చేయడం మంచిది. నిబంధనల ప్రకారం ఆరు కాపీలు ఇవ్వాలి, సాక్షుల పేర్లూ చిరునామాలూ జత చేయాలి. రుజువు చేయలేకపోయినంత మాత్రాన మీ మీద చర్య తీసుకోకూడదని అదే చట్టం చెబుతోంది. అబద్ధమని తెలిసి, కక్షతో పెట్టారని విచారణలో తేలితేనే చర్య. అందుకే ఇక్కడ కూడా చూసిందీ విన్నదీ మాత్రమే రాయడం మీకు రక్ష. ఆయన అన్న మాట, టేబుల్ దగ్గర ఎవరెవరు ఉన్నారు, నవ్వారన్న సంగతి, అప్పుడు మీరు ఏమన్నారు లేక ఏమీ అనకుండా వెళ్లిపోయారా, ఇవి చాలు. ‘నా శీలాన్ని శంకించాడు’ అని రాయకండి. ఆ మాట వింటే ఏ అర్థం వస్తుందో కమిటీలో కూర్చున్న ఆడవాళ్లకి తెలుసు.

అలాగని తప్పనిసరిగా కమిటీకి వెళ్లమని నేను చెప్పను. వెళితే ఆయన్నీ సాక్షుల్నీ పిలుస్తారు, విచారణ తొంభై రోజుల దాకా సాగొచ్చు, ఈలోపు ఇద్దరిలో ఒకరిని వేరే షిఫ్టుకో వేరే చోటికో మార్చమని మీరు అడగొచ్చు. చిన్న ఊళ్లు, అదే వ్యానులో వచ్చే మనుషులు. విషయం బయట చెప్పకూడదని చట్టం అన్నా గుసగుసలు ఆగకపోవచ్చు. వెళ్లకపోతే ఆ మాట రికార్డులో లేకుండా పోతుంది, రేపు ఇంకోటి అంటే అదే మొదటిసారి అవుతుంది. మీ అమ్మగారితోనో, నమ్మకమైన ఇంకొకరితోనో మాట్లాడి తేల్చుకోండి. గడువు మాత్రం గుర్తుంచుకోండి.

ఇలా చూస్తే మీ చేతిలో ఉన్నది ఒక ఫిర్యాదు కాదు. జనవరి 28 కమిటీది. లాగ్‌బుక్, ట్యాగు తీసిన సరుకు క్వాలిటీ హెడ్‌వి, అది ఎగుమతి అయ్యే సరుకు భద్రతకు సంబంధించింది, మీ ఉద్యోగ ధర్మం కూడా. మాట తీరు, షీటు లాక్కోవడం హెచ్‌ఆర్‌వి. అన్నీ కలిపి ఒకే ఉత్తరంలో పెడితే, ‘ఆయన మీద కోపంతో రికార్డు సంగతి తవ్వింది’ అనే అవకాశం ఇచ్చినట్టే. విడదీస్తే ఎవరికి వాళ్లు తమ భాగం చూడక తప్పదు. రెండు మూడు చోట్లకి కాగితాలు పంపితే గొడవ పెద్దదవుతుందని భయం ఉంటే, ముందు క్వాలిటీ హెడ్‌కి ఒక్కటే ఇవ్వండి. ఆయన మీ పైఅధికారి, వరుస ప్రకారమే వెళ్లినట్టు ఉంటుంది. అయితే అది మీతో మాట్లాడిన తీరుని పట్టించుకోకుండా రికార్డు దిద్దడంతోనే ముగిసే అవకాశం ఉందని తెలిసే ఇవ్వండి.

ఒకే ఊరు సంగతి ఫిర్యాదులో రాయకండి. ‘మీరిద్దరూ ఒకే ఊరు కాబట్టి నాకు న్యాయం జరగదు’ అంటే, ఇంకా ఏమీ చేయని మనిషి మీద ఆరోపణ చేసినట్టు. ‘నా వాంగ్మూలం తీసుకునేటప్పుడు క్వాలిటీ విభాగం నుంచి ఒకరు ఉండాలని కోరుతున్నాను’ అని అడగండి. కారణం చెప్పకుండానే పని జరుగుతుంది.

హెచ్‌ఆర్‌కి పంపేది నేనైతే ఇలా రాస్తాను. ఖాళీలు మీకు తెలిసినవాటితో నింపండి, మీరు చెప్పకుండా నేను ఊహించి రాసింది ఏదైనా నిజం కాకపోతే తీసేయండి.

‘విషయం: జనవరి 20, ఫిబ్రవరి 3 తేదీల్లో గ్రేడింగ్ సెక్షన్‌లో జరిగిన సంఘటనలు.

జనవరి 20 రాత్రి సుమారు 11.15కి గ్రేడింగ్ టేబుల్ దగ్గర లాట్ నంబరు ... సరుకు ఉష్ణోగ్రత 7.1 డిగ్రీలు ఉంది. మన పరిమితి 4 డిగ్రీలు. నేను హోల్డ్ ట్యాగు కట్టి రిజిస్టర్‌లో రాశాను. కొద్దిసేపటికి ప్రొడక్షన్ సూపర్‌వైజర్ ... గారు వచ్చి, ‘‘ఏమే, చదువు ఎక్కువైందా? తియ్ ఆ ట్యాగు’’ అన్నారు. నేను తీయలేదు. ఆయన స్వయంగా ట్యాగు తీసి సరుకును ఫ్రీజింగ్‌కు పంపారు. అప్పుడు టేబుల్ దగ్గర ..., ... ఉన్నారు. ఈ సరుకు గురించి, లాగ్‌బుక్ గురించి క్వాలిటీ హెడ్ గారికి విడిగా తెలియజేశాను.

ఫిబ్రవరి 3న సుమారు ... గంటలకు నేను కౌంటు చూస్తుండగా ఆయన నా చేతిలోని షీటు లాగి తీసుకున్నారు. నేను గట్టిగా ‘‘...’’ అన్నాను. ఆయన షీటుతో వెళ్లిపోయారు. ఆ కౌంటు మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

జనవరి 20 తర్వాత హోల్డ్ పెట్టడానికి వెనకాడుతున్నాను. నేను కోరేవి: ఈ రెండు సంఘటనలపై ఇద్దరినీ, అక్కడున్నవారినీ విడివిడిగా అడగాలి. హోల్డ్ ట్యాగు క్వాలిటీ అనుమతి లేకుండా తీయకూడదని రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ రెండు షిఫ్టుల కెమెరా రికార్డింగు ఉంటే భద్రపరచాలి.’

‘ఉద్యోగంలోంచి తీసేయాలి’ అన్నది ఇందులో లేదు, గమనించారు కదా. శిక్ష ఏమిటో మీరు రాస్తే మీరు కోరుకున్నది శిక్షే అనిపిస్తుంది. పైన అడిగినవి మీ పని సాగడానికి కావలసినవి, వాటిని కాదనడం వాళ్లకి కష్టం. నిబంధనల ప్రకారం చర్య ఏదైనా ఉంటే అది వాళ్లు చూసుకుంటారు. హోల్డ్ ట్యాగు గురించి మీ ప్లాంటులో ఇప్పటికే ఆ నియమం రాసి ఉంటే, ‘రాతపూర్వకంగా ఇవ్వాలి’ బదులు ఆ నియమం నంబరు వేసి, దాన్ని అమలు చేయమని అడగండి.

కెమెరా రికార్డింగులు కొన్నాళ్లకి వాటంతటవే చెరిగిపోతాయి, అందుకే ఆ ఒక్క పనికీ ఆలస్యం చేయకండి. అలాగే క్వాలిటీ హెడ్‌కి రాసే కాగితంలో ఆ లాగ్‌బుక్ పేజీని అలాగే ఉంచమని అడగండి. లోపలికి ఫోన్లు తీసుకెళ్లకూడదనే నియమం చాలా ప్లాంటుల్లో ఉంటుంది. దొంగచాటుగా ఫోటో తీస్తే అసలు విషయం పక్కకి పోయి మీ మీద విచారణ మొదలవుతుంది. పేజీ నంబరు, తేదీ, ఏ వరసలో ఉందో, ఏ రంగు ఇంకుతో దిద్ది ఉందో బయటికి వచ్చాక ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. రాసిన రోజు తేదీ దాని పక్కనే వేయండి. వెనకటి తేదీ మాత్రం ఎప్పుడూ వేయకండి.

టేబుల్ దగ్గర ఉన్న ఆడవాళ్ల పేర్లు రాసే ముందు వాళ్లకి ఒక మాట చెప్పండి. సంతకాలు అడగకండి. వాళ్లలో చాలామంది రోజు కూలి మీద వచ్చేవాళ్లు, వాళ్లకి రేపు పని ఇచ్చేది ఆయనే కావొచ్చు. ‘మీరు అక్కడ ఉన్నారని మాత్రం రాస్తున్నాను, అడిగితే చూసింది చెప్పండి’ అంటే చాలు. ఎవరైనా వద్దంటే వాళ్ల పేరు రాయకుండా ‘మరికొందరు పనివారు’ అని రాయండి.

ఈ ఫిర్యాదు హెచ్‌ఆర్‌కి, క్వాలిటీ హెడ్‌కి, కమిటీకి తప్ప ఇంకెవరికీ పంపకండి. షిఫ్టు వాట్సాప్ గ్రూపులో అయితే అసలే వద్దు. అధికారం ఉన్నవాళ్లకి మంచి ఉద్దేశంతో ఇచ్చే ఫిర్యాదు పరువునష్టం కిందికి రాదని చట్టంలోనే మినహాయింపు ఉంది. అవే మాటలు గ్రూపులో పెడితే ఆ రక్షణ ఉండదు.

రాసిన రోజే పంపకండి. ఒక రాత్రి పక్కన పెట్టి, మర్నాడు మీ అన్నయ్యకి ఇచ్చి గట్టిగా చదివించండి. ఎక్కడైనా ఆగి ‘ఇది నీకెలా తెలుసు?’ అని అడిగితే, ఆ వాక్యంలో క్రియ మార్చండి. మెయిల్‌లో పంపితే తేదీ దానికదే ఉంటుంది. కాగితం మీద ఇస్తే రెండు కాపీలు పట్టుకెళ్లి, మీ కాపీ మీద ‘అందినది’ అని రాయించి, సంతకం, తేదీ, వేళ వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.